పెదనాన్నగారి పడక కుర్చీ

నల్లకుంటలో మా పెదనాన్నగారి ఇంటి ముందుగదిలో టేకు పడక కుర్చీ ఒకటి ఉండేది. కుడిచేతి చెక్క మీద కాఫీ గ్లాసు, కళ్లజోడు పెట్టె, ఎర్ర సిరా పెన్ను, టీవీ రిమోటు వరుసగా పెట్టుకున్నా ఇంకా మోచేతికి చోటు మిగిలేంత పొడుగు చేతులు దానికి. భారత క్రికెట్ జట్టు కొన్ని దశాబ్దాలపాటు ఆ కుర్చీలోంచే నడిచిందని మా పెదనాన్నగారికి గట్టి నమ్మకం. ఆ సంగతి క్రికెట్ బోర్డుకు ఎన్నడూ తెలియకపోవడాన్ని ఆయన బోర్డు చేతగానితనం కింద జమకట్టేవారు.

ఆయన ఒక ప్రభుత్వ శాఖలో ముప్పై రెండేళ్లు ఆడిటరుగా పనిచేసి రిటైరయ్యారు. డబ్బు మొత్తం ఖర్చయిపోయాక, దాన్ని ఎలా ఖర్చుపెట్టి ఉండవలసిందో ఖర్చుపెట్టినవాడికి తెలియజెప్పడమే ఆడిటు. ఆ విద్యను ఆయన అక్షరం మార్చకుండా క్రికెట్‌కు అన్వయించుకున్నారు. పోనీ మైదానం అనుభవం లేదా అంటే, అదీ ఉంది. వయసులో ఉన్నప్పుడు సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో ఆఫీసు జట్టు తరఫున ఒకసారి పన్నెండో ఆటగాడిగా మంచినీళ్లు మోశారు. ఆ మ్యాచ్‌లో కెప్టెన్ ఎక్కడెక్కడ పొరపాటు చేశాడో మాకు పెళ్లిళ్లయి పిల్లలు పుట్టేదాకా చెబుతూనే వచ్చారు.

ఆ కుర్చీ చుట్టూ ఒక చిన్న సభ కూడా ఉండేది. మేడ మీద అద్దెకున్న లెక్కల మాస్టారు, గేటు పక్కన ఇస్త్రీ బండి పెట్టుకున్న తాత, పరీక్షల సెలవుల్లో ఉన్న నేను, మధ్యమధ్య వంటింట్లోంచి వచ్చి "ఎవరు గెలుస్తున్నారు?" అని అడిగి జవాబు వినకుండానే వెళ్లిపోయే మా పెద్దమ్మ. తీర్పు మాత్రం ఒక్కరిదే. ఆ తీర్పును కాగితం మీద పెట్టడం ఆయన ఉద్యోగపు అలవాటు. గోడకు రోజుకో కాగితం చించే క్యాలెండరు వేలాడేది కదా, పొద్దున్నే లేచి నిన్నటి తేదీని చించి, పారేయకుండా దాని వెనుక ఖాళీ వైపున ఆనాటి జట్టు గురించి తన ఆదేశాలు రాసి, కుర్చీ పక్కనున్న మేకుకు గుచ్చేవారు. అందువల్ల 13వ తేదీ ఆట మీద ఆయన అభిప్రాయం తెలియాలంటే 12వ తేదీ కాగితం తిప్పి చూడాలి. ఈ లెక్క గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

2001 మార్చిలో స్టీవ్ వా నాయకత్వంలోని ఆస్ట్రేలియా మన దేశంలో పర్యటిస్తోంది. బొంబాయి టెస్టును మూడు రోజుల్లోనే పది వికెట్ల తేడాతో గెలిచి, వరసగా పదహారు టెస్టుల విజయాన్ని మూటగట్టుకుని కలకత్తాకు వచ్చింది. ఈడెన్ గార్డెన్స్‌లో 11వ తేదీ ఆదివారం మొదలైన రెండో టెస్టులో వాళ్లు 445 పరుగులు చేశారు. హర్భజన్ హ్యాట్రిక్ తీసినా కూడా అన్ని పరుగులు చేశారంటే వాళ్ల బలం ఎలాంటిదో ఊహించుకోవచ్చు. మనవాళ్లు సోమవారం సాయంత్రానికి 128 పరుగులకు ఎనిమిది వికెట్లు పోగొట్టుకున్నారు. మంగళవారం ఉదయం 171 దగ్గర కథ ముగిసింది. అందులో 59 పరుగులు మన హైదరాబాదీ వి.వి.ఎస్. లక్ష్మణ్‌వి. ఆరో స్థానంలో దిగి, అందరూ వెళ్లిపోయాక ఆఖరివాడిగా అవుటయ్యాడు. 274 పరుగుల వెనుకబాటు, వెంటనే ఫాలో ఆన్.

సరిగ్గా అక్కడ, ఒక ఇన్నింగ్స్ ముగిసి మరొకటి మొదలయ్యే ఆ పది నిమిషాల్లో, కోచ్ జాన్ రైట్ ఒక నిర్ణయం తీసుకున్నాడు. పెవిలియన్‌కు తిరిగివచ్చిన లక్ష్మణ్‌ను ప్యాడ్లు విప్పొద్దని, రెండో ఇన్నింగ్స్‌లో మూడో స్థానంలో దిగాలని చెప్పాడు. ఎప్పుడూ మూడో స్థానంలో ఆడే ద్రావిడ్‌ను ఆరో స్థానానికి జరిపాడు. కెప్టెన్ గంగూలీకి కూడా అదే సబబనిపించింది. మా ముందుగదికి ఈ విషయం మొదటి వికెట్ పడ్డాక, ద్రావిడ్ రావలసిన చోట లక్ష్మణ్ మెట్లు దిగి వస్తున్నప్పుడే తెలిసింది.

పెదనాన్నగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఆ కుర్చీలో నిటారుగా కూర్చోవడం చాలా కష్టం. గుడ్డ వెనక్కి లాగేస్తుంది. అంత శ్రమకోర్చారంటే విషయం తీవ్రమైనదని మాకు అర్థమైంది.

"ఇంటి ముందు కట్టిన గోడను ఎవడైనా పీకి పెరట్లో పెట్టుకుంటాడా? న్యూజిలాండ్‌లో గోడలు ఉండవేమో గానీ, మనకు ఉన్నాయి కదా," అన్నారు.

రైట్ భారత జట్టుకు మొట్టమొదటి విదేశీ కోచ్. వచ్చి కొన్ని నెలలే అయింది. కాబట్టి ఆయన ఏం చేసినా దాన్ని న్యూజిలాండ్ భౌగోళిక పరిస్థితులకు ముడిపెట్టి కొట్టిపారేసే సౌకర్యం మాకు ఉండేది. లక్ష్మణ్ మా ఊరివాడు గనుక అతన్ని ముందుకు పంపితే మేం సంతోషించాలి. కానీ పెదనాన్నగారిది ఊరి అభిమానానికి లొంగే న్యాయస్థానం కాదు. "వాడు మనవాడే. మనవాణ్ని మెక్‌గ్రాత్ ముందుకు తోసి బలి ఇస్తున్నారనే నా బాధ," అన్నారు.

కోచ్‌కు కనిపించి మాకు కనిపించనిది ఏమిటో ఇప్పుడు నెమ్మదిగా చెప్పుకోవచ్చు. ఆ ఉదయం దాకా లక్ష్మణ్ ఆ బౌలర్లనే, ఆ పిచ్ మీదే ఎదుర్కొంటూ ఉన్నాడు. బంతి ఎంత ఎత్తుకు లేస్తోంది, బ్యాటు మీదికి ఎంత వేగంతో వస్తోంది అన్నది అతని చేతులకు అప్పటికే తెలుసు. మరొకరైతే అది తెలుసుకోవడానికి కనీసం అరగంట పడుతుంది, ఆ అరగంటలోనే వికెట్ పోతుంది. ద్రావిడ్‌కు ఆ సిరీస్‌లో అప్పటిదాకా పరుగులు రావడం కష్టంగానే ఉంది. బొంబాయిలో 9, 39, ఇక్కడ మొదటి ఇన్నింగ్స్‌లో 25. ఆయన కాపు కాయగలడు గానీ, 274 పరుగులు వెనకబడ్డ జట్టు కాపు కాసుకుంటూ కూర్చుంటే బౌలరు నెత్తికెక్కి కూర్చుంటాడు. దాడి చేసే క్షేత్రరక్షణ పెట్టినప్పుడు బయట ఖాళీలు ఎక్కువగా ఉంటాయి. ఆ ఖాళీల్లోకి కొట్టగలవాడు ముందుగా రావడం, బంతి పాతబడి అందరూ అలిసిపోయాక గోడలాంటివాడు తోడు నిలవడం, ఇదీ ఆ మార్పులోని ఆలోచన.

ఇంకో సంగతి ఉంది, అది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది. అంతకు ముందు సీజన్‌లో, అంటే 1999-2000 రంజీ ట్రోఫీలో, లక్ష్మణ్ హైదరాబాద్ తరఫున 1415 పరుగులు చేశాడు. ఎనిమిది సెంచరీలు కొట్టాడు. అందులో ఒకటి కర్ణాటక మీద చేసిన 353. లక్ష్మణ్ గురించి మాకంటే ఎవరికీ ఎక్కువ తెలియదని బల్లగుద్ది చెప్పే మా సభలో ఒక్కరు కూడా ఆ సీజన్‌లో ఒక్క రంజీ మ్యాచ్‌కు వెళ్లలేదు. జింఖానా మైదానానికి నల్లకుంట నుంచి బస్సులో ఎంతసేపని? "రంజీ మ్యాచ్‌లు ఏం చూస్తాంరా, ఎండ," అనేవారు పెదనాన్నగారు. పడక కుర్చీకి ఎండ తగలదు కదా.

ఆ మంగళవారం మధ్యాహ్నం నుంచి రెండో అభ్యంతరం మొదలైంది. అది షేన్ వార్న్ గురించి. వార్న్ వికెట్‌కు అవతలి పక్క నుంచి వచ్చి, బౌలర్ల బూట్లు తవ్విన గరుకు మట్టిలో, అంటే కుడిచేతి బ్యాట్స్‌మన్ కాళ్ల వెనుక పడేటట్టు బంతి వేసేవాడు. అక్కడ పడ్డ బంతి కాళ్ల వైపు నుంచి ఆఫ్ స్టంపు వైపు గిర్రున తిరుగుతుంది. పుస్తకం ప్రకారమైతే అలాంటి బంతిని ప్యాడుతో ఆపాలి, లేదా తిరిగే దిశలోనే నెట్టాలి. లక్ష్మణ్ రెండూ చేయలేదు. రెండడుగులు ముందుకు వెళ్లి, ఒకసారి ఆఫ్ వైపుకు కవర్ల మీదుగా కొట్టేవాడు. అచ్చం అలాంటి బంతినే మరోసారి మణికట్టు తిప్పి, స్పిన్‌కు ఎదురుగా మిడ్ వికెట్ వైపుకు పంపేవాడు.

"ముందుకు వెళ్లకు నాయనా, స్టంపవుట్ అవుతావు," అని పెదనాన్నగారు టీవీకి చేతులెత్తి దండం పెట్టారు. బంతి బౌండరీకి వెళ్లింది. "ఈసారికి బతికిపోయావు, మళ్లీ వెళ్లకు." మళ్లీ వెళ్లాడు. మళ్లీ బౌండరీ. "చెప్తే వినడేం వీడు?" అన్నారు, నిజంగానే నొచ్చుకుని.

మేం చూస్తున్న బొమ్మ, అక్కడ జరుగుతున్న ఆట ఒకటి కావన్న ఆలోచన మాకెవరికీ రాలేదు. టీవీ కెమెరా మైదానం చివర, ఎత్తు మీద, బౌలరు వెనకాల ఉంటుంది. అంత దూరం నుంచి పెద్ద లెన్సుతో దగ్గరికి లాగి చూపిస్తుంది. అలా లాగినప్పుడు ఇరవై రెండు గజాల పిచ్ నొక్కేసినట్టు పొట్టిగా కనిపిస్తుంది. బంతి ఎక్కడ పడిందో, బ్యాట్స్‌మన్ ఎంత ముందుకు వెళ్లాడో అసలు తేలదు. పడక కుర్చీ నుంచి చూస్తే లక్ష్మణ్ బంతి తిరిగాక కొడుతున్నట్టు, అదేదో దుస్సాహసం చేస్తున్నట్టు ఉంది. జరుగుతున్నది వేరు. అతను బంతి నేలను తాకిన చోటికే చేరుకుంటున్నాడు. అది తిరగడానికి అక్కడ ఇంకా చోటే లేదు. తిరగని బంతిని ఏ వైపు కొడితేనేం? ఒకే రకం బంతిని రెండు వైపులకూ కొడుతుంటే బౌలరు ఫీల్డర్లను ఏ వైపు పెట్టుకోవాలి? ఆ ఇన్నింగ్స్ పూర్తయ్యేసరికి వార్న్ ఒక్క వికెట్టుకు 152 పరుగులు సమర్పించుకున్నాడు.

మంగళవారం ఆట ముగిసేసరికి స్కోరు నాలుగు వికెట్లకు 254, లక్ష్మణ్ 109, ద్రావిడ్ 7. ఇంకా ఇరవై పరుగులు వెనకే ఉన్నాం. "రేపు లంచ్ లోపల అయిపోతుంది," అని తీర్పు చెప్పి పెదనాన్నగారు భోజనానికి లేచారు.

మర్నాడు, అంటే 14వ తేదీ బుధవారం, రోజంతా ఒక్క వికెట్ పడలేదు. మామూలుగా చెప్పేసినా సరే ఆ వాక్యం రాస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. తొంభై ఓవర్లలో 335 పరుగులు. ఒకరికి నడుం నొప్పి, ఇంకొకరికి జ్వరం. ఇవి మాకు తర్వాత తెలిసినవి. టీవీలో మాత్రం ఎండకు చెమటోడుస్తున్న ఇద్దరు మనుషులు కనిపించారు. మధ్యాహ్నం లక్ష్మణ్ గవాస్కర్ చేసిన 236ను దాటినప్పుడు, ఒక భారతీయుడి అత్యధిక టెస్టు స్కోరు ఇకనుంచి మా ఊరివాడిదని, ఇస్త్రీ తాత పెట్టె పక్కన పెట్టి గేటు దగ్గర నుంచే చప్పట్లు కొట్టాడు. పెట్టె ఎక్కడ పెట్టాడో చూసుకోలేదు. మా మాస్టారి తెల్ల చొక్కా వీపు మీద ముక్కోణపు మచ్చ పడింది. మాస్టారు ఏమీ అనలేదు. ఆ చొక్కాను చాలాకాలం కోటు కింద వేసుకున్నారు.

ఆ రోజు సాయంత్రమే పెదనాన్నగారి మూడో అభ్యంతరం పుట్టింది. నిజం చెప్పాలంటే మిగతా రెండింటికంటే ఇదే గట్టిది. స్కోరు నాలుగు వికెట్లకు 589. మొత్తం మీద 315 పరుగుల ఆధిక్యం. లక్ష్మణ్ 275, ద్రావిడ్ 155 పరుగులతో నాటౌట్. "ఈ రాత్రికే డిక్లేర్ చేయాలి. రేపు రోజంతా చేతిలో ఉండాలి. లేకపోతే పది వికెట్లు తీయడానికి టైమ్ ఎక్కడిది?" అన్నారు. మేమందరం తలలూపాము. గెలుపు వాసన తగిలిన ఊరు ఊరంతా ఆ రాత్రి డిక్లరేషన్ గురించే మాట్లాడుకుంది. గంగూలీ భయస్తుడని, కోచ్ పరాయివాడు గనుక డ్రా అయితే చాలనుకుంటున్నాడని, నారాయణగూడ చౌరస్తాలో బఠానీలు అమ్మేవాడు కూడా నాతో అన్నాడు.

లెక్కల మాస్టారు మాత్రం ఎర్ర సిరా పెన్ను అడిగి తీసుకుని, ఒక పాత తేదీ కాగితం వెనుక లెక్క వేశారు. ఇప్పుడు డిక్లేర్ చేస్తే వాళ్లకు లక్ష్యం 316. రేపు ఉండేవి తొంభై ఓవర్లు. అంటే ఓవరుకు మూడున్నర. మొదటి ఇన్నింగ్స్‌లో వాళ్లు ఓవరుకు మూడుకు పైనే తీశారు. బొంబాయిలో గిల్‌క్రిస్ట్ అనేవాడు 84 బంతుల్లో సెంచరీ కొట్టి రెండు వారాలే అయింది. అలాంటి జట్టుకు మూడున్నర పెద్ద కొండ కాదు.

"అందితే అందుకోనివ్వండి మాస్టారూ, ప్రయత్నంలో వికెట్లు పారేసుకుంటారు," అన్నారు పెదనాన్నగారు.

"అందేటట్టు ఉంటే మీ ఫీల్డర్లు ఎక్కడుంటారండీ?" అన్నారు మాస్టారు.

అసలు కీలకం అదే, మాకు అప్పుడు పట్టలేదు. లక్ష్యం అందేంత దూరంలో ఉంటే కెప్టెన్ పరుగులు ఆపాలి. అందుకు ఫీల్డర్లను బౌండరీ దగ్గరికి పంపాలి. ఐదో రోజు పిచ్ మీద స్పిన్నరుకు వికెట్లు వచ్చేది బ్యాట్స్‌మన్ పక్కనే కాచుకుని ఉండేవాళ్ల చేతుల్లోకి. స్లిప్‌లో ఒకరు, షార్ట్ లెగ్‌లో ఒకరిద్దరు, సిల్లీ పాయింట్‌లో ఒకరు. వాళ్లను అక్కడ రోజంతా నిలబెట్టాలంటే, వెనకాల ఖాళీగా వదిలేసిన స్థలంలో పడే బౌండరీలు కెప్టెన్‌ను భయపెట్టకూడదు. అదనంగా చేసే ప్రతి యాభై పరుగులూ ఆ దగ్గరి ఫీల్డర్లు నిలబడే చోటుకు ముందుగా కట్టే అద్దెలాంటిది. అద్దె ఎక్కువ కడితే ఉండటానికి రోజులు మిగలవు. తక్కువ కడితే మధ్యాహ్నానికే ఇల్లు ఖాళీ చేయమంటారు. ఎక్కడ ఆపాలన్నదే కెప్టెన్, కోచ్ కూర్చుని తేల్చుకోవలసిన లెక్క.

గురువారం పొద్దున మనవాళ్లు మళ్లీ బ్యాటింగ్‌కు వచ్చారు. పెదనాన్నగారు టీవీకి వీపు తిప్పి పేపరు చదివారు. లక్ష్మణ్ 281 దగ్గర మెక్‌గ్రాత్ బౌలింగ్‌లో అవుటయ్యాడు. మూడు వందలు రానందుకు మా గదిలో ఒక్క క్షణం మౌనం. 376 పరుగుల భాగస్వామ్యం అక్కడితో ముగిసింది. ద్రావిడ్ 180 దగ్గర రనౌట్ అయ్యాడు. ఏడు వికెట్లకు 657 దగ్గర గంగూలీ ఆపాడు. లక్ష్యం 384, మిగిలిన ఓవర్లు ఇంచుమించు 75. ఓవరుకు ఐదు పైచిలుకు కావాలి. ఆ రోజుల్లో టెస్టుల్లో అది జరిగే పని కాదు. గెలుపు అనే తలుపును ఆస్ట్రేలియాకు మూసేసి, డ్రా అనే కిటికీ ఒక్కటే వదిలారు.

ఆ కిటికీలోంచి వాళ్లు దాదాపు బయటపడ్డారు కూడా. టీ విరామానికి మూడు వికెట్లకు 161. హేడెన్ గట్టిగా నిలబడ్డాడు, స్టీవ్ వా తోడున్నాడు. ఇంకా ఏడు వికెట్లు, ఒకే ఒక్క సెషన్. పెదనాన్నగారు పేపరు మడిచి, కళ్లజోడు పెట్టెలో పెట్టి, టప్పున మూశారు.

"నేను నిన్ననే చెప్పాను," అన్నారు. "పది పదిహేను ఓవర్లు వృథా చేశారు. డ్రా. పదండి, చాయ్ తాగొద్దాం."

ఆయన టీవీ కట్టేశారు. ఆ కట్టేసిన శబ్దం నాకు ఇంకా వినిపిస్తుంది. మేమూ లేచాము. మాస్టారు కొంచెం తటపటాయించారు గానీ, టీవీ వాళ్లది కాదు కదా. ఎండ తగ్గిందని, బస్సెందుకని, నలుగురం నడుచుకుంటూనే వెళ్లాము. దారిపొడుగునా పెదనాన్నగారు కోచ్ రాజీనామా లేఖలో ఉండవలసిన వాక్యాలు చెబుతున్నారు. ఇస్త్రీ తాత ఒక్కడే నోరు తెరిచి, "ఇంకో గంటన్నర ఉన్నది గద సార్," అన్నాడు. "నీకు తెలియదు తాతా, ఇది టెస్టు క్రికెట్," అన్నారు ఆయన.

ఇరానీ హోటల్ ఇంకా యాభై గజాల దూరంలో ఉండగా లోపలి నుంచి ఒక్కసారిగా అరుపులు వినిపించాయి. గుమ్మం దాకా జనం. గల్లా పైన గోడకు బిగించిన చిన్న టీవీ వైపు అందరి మెడలూ సాగి ఉన్నాయి. సాసర్లో పోసిన చాయ్ చేతుల్లోనే చల్లారిపోతోంది. మేం వెనక వరుసలో నిలబడి, ముందువాళ్ల భుజాల మధ్యలోంచి స్కోరు చదువుకున్నాము. ఎనిమిది వికెట్లకు 174.

మేం నడిచిన ఆ కాస్త దూరంలో ఐదు వికెట్లు పోయాయి, పదమూడు పరుగులే వచ్చాయి. హర్భజన్ ఒకే ఓవర్లో స్టీవ్ వాను, పాంటింగ్‌ను పంపించాడు. ఇద్దరూ దగ్గరి ఫీల్డర్లకే దొరికారు. ఒకటి, వేరొకరి బదులు మైదానంలోకి వచ్చిన బదానీ పట్టిన క్యాచ్. రెండోది దాస్ పట్టింది. అద్దె కట్టిన చోట్ల నిలబడ్డవాళ్లే. ఆ తర్వాత టెండూల్కర్ చేతికి బంతి ఇచ్చారట. అతను గిల్‌క్రిస్ట్‌ను మొదటి బంతికే, ఆపైన హేడెన్‌ను, వార్న్‌ను వరసగా ఎల్‌బీడబ్ల్యూ చేశాడట. "అట" అనే రాయాలి, ఎందుకంటే మేం చూడలేదు. చివరి రెండు వికెట్లు కాసేపు సతాయించాయి. ఆఖరికి హర్భజన్ బంతి మెక్‌గ్రాత్ ప్యాడును తాకి అంపైర్ వేలు లేచినప్పుడు హోటల్లో ఎవరి చాయ్ ఎవరి మీద పడిందో తెలియదు. ఆస్ట్రేలియా 212 పరుగులకు ఆలవుట్. 171 పరుగుల విజయం. ఫాలో ఆన్ ఆడిన జట్టు టెస్టు గెలవడం, అన్నేళ్ల చరిత్రలో అది మూడోసారి.

ఆలవుట్ అయ్యేసరికి 68.3 ఓవర్లు పడ్డాయి. అంటే చేతిలో మిగిలినవి ఆరో ఏడో ఓవర్లు. ఇక్కడ మా పెదనాన్నగారి పక్షాన ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. టైమ్ చాలదన్న ఆయన భయం పూర్తిగా తప్పు కాదు. ఉదయం మరో అరగంట ఆడి ఉంటే ఆ ఆరేడు ఓవర్లు కూడా ఉండేవి కావు. మ్యాచ్ డ్రా అయి ఉంటే ఆయన జీవితాంతం రాజ్యమేలేవారు. గిల్‌క్రిస్ట్ భయం కూడా అలాంటిదే. డిక్లరేషన్ ఆలస్యం చేయడానికి ఒక కారణం అతనే కావచ్చు. తీరా చూస్తే ఆ టెస్టులో అతను రెండు ఇన్నింగ్స్‌లోనూ మొదటి బంతికే సున్నాకు అవుటయ్యాడు. కాబట్టి భయపడటం తెలివితక్కువ అందామా? బుధవారం రాత్రి ఆ సంగతి ఎవరికి తెలుసు? ఆడిటరుకు గురువారం రాత్రి తెలుస్తుంది. కోచ్‌కు బుధవారం రాత్రే నిర్ణయించే బాధ్యత ఉంటుంది.

మూడో స్థానం సంగతి ఇంకా విచిత్రం. కొంతకాలానికి ద్రావిడ్ మూడో స్థానానికే తిరిగి వచ్చి, అక్కడే పదివేల పైచిలుకు టెస్టు పరుగులు చేశాడు. లక్ష్మణ్ ఎక్కువగా ఐదు, ఆరు స్థానాల్లోనే ఆడాడు. "ఇంటి ముందు గోడ" అన్న మాట దీర్ఘకాలంలో అక్షరాలా నిజమైంది. ఆ ఒక్క మంగళవారం నాడే అది తప్పు. ఆ మంగళవారాన్ని పసిగట్టడానికే ఒక కోచ్‌కు జీతమిచ్చి పెట్టుకుంటారు.

హోటల్ నుంచి తిరిగి వస్తుంటే పెదనాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. ఫీవర్ ఆసుపత్రి దగ్గరికి వచ్చాక గొంతు సవరించుకుని, "ఆ లక్ష్మణ్‌ను మూడో స్థానంలో పంపమని నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నాను," అన్నారు. నేను మాస్టారి వైపు చూశాను. మాస్టారు ఆకాశం వైపు చూశారు. ఇస్త్రీ తాత మాత్రం ఎంతో మర్యాదగా, "అవును సార్, మీరు చెప్పిన్రు," అన్నాడు. ఆ నెల ఇస్త్రీ లెక్కలో ఆయనకు ఐదు రూపాయలు ఎక్కువ ముట్టింది.

వారం తిరక్కుండానే ఆ మాట వీధంతా పాకింది. మద్రాసు టెస్టు కూడా రెండు వికెట్లతో గెలిచి సిరీస్ మనదయ్యేసరికి, నల్లకుంటలో లక్ష్మణ్‌ను మూడో స్థానంలో పంపమనని మనిషి ఒక్కడు కూడా మిగల్లేదు. జాన్ రైట్ తనంతట తాను చేసిన పని ఏమీ లేదని, ఊరంతా చెప్పింది విన్నాడని తేలిపోయింది.

పెదనాన్నగారు పోయిన తర్వాత, ఇల్లు అపార్ట్‌మెంటుకు ఇచ్చే ముందు, సామాను సర్దడానికి వెళ్లినప్పుడు ఆ మేకుకు గుచ్చిన కాగితాల కట్ట ఒక ట్రంకు పెట్టెలో దొరికింది. మధ్యలో పడిన చిల్లులు తుప్పు రంగుకు తిరిగాయి. వెతికి 2001 మార్చి 12 కాగితం తీసి తిప్పి చూశాను. నీలం సిరాతో ఆయన గుండ్రటి చేతిరాత: "3. ద్రావిడ్". దాని మీద అడ్డంగా ఎర్ర గీత. పక్కనే ఎర్ర సిరాతో "లక్ష్మణ్". దాని పక్కన, ఆఫీసులో అన్నీ సరిచూశాక వేసే టిక్కు, కింద పొడి సంతకం. తేదీ మాత్రం వేయలేదు. ఎప్పుడు దిద్దారో కనిపెట్టడానికి మరో ఆడిటరు కావాలి.

ఆ కాగితం అడుగున, ఒక మూలకు, పెన్సిలుతో చిన్నగా "మంగళవారమే ఖతం, ఇన్నింగ్స్ ఓటమి" అని రాసి ఉంది. అది నా చేతిరాతే. రబ్బరు కోసం జేబులు తడుముకున్నాను.

మా అబ్బాయికి మాత్రం టీ తర్వాత పడ్డ ఆ ఐదు వికెట్లూ నేను బంతి బంతీ చూశాననే చెప్పాను. వార్న్‌ను అవుట్ చేసిన టెండూల్కర్ గూగ్లీ ఎటు తిరిగిందో చేత్తో కూడా చూపిస్తాను.